వరిగడ్డి రోల్ కట్ట బరువు కొలతల నుంచి లెక్కగట్టడం ఎలా? (25 కిలోలు అంటున్నారు, నమ్మొచ్చా?)

మల్లేశం_డెయిరీ
అందరికీ నమస్కారం. మాది భువనగిరి దగ్గర చిన్న డెయిరీ. ఏటా వానాకాలం కోతల తర్వాత మిర్యాలగూడ వైపు నుంచి బేలర్ మిషన్‌తో కట్టిన వరిగడ్డి రోల్స్ తెప్పించుకుంటాం. అక్కడ సాగర్ ఎడమ కాలువ కింద వరి ఎక్కువ కాబట్టి గడ్డికి కొదవ లేదు. బేరమంతా కట్ట లెక్కనే. అమ్మేవాళ్లు "ఒక్కో కట్ట 25 కిలోలు ఉంటది" అంటారు. చేత్తో లేపితే కొన్ని బరువుగా, కొన్ని దూదిలా తేలిగ్గా వస్తున్నాయి. ఈసారి 210 కట్టల లారీ వస్తోంది. మొత్తం దింపి తూచే ఓపిక, మనుషులు లేరు. టేపుతో కొలిచి బరువు చెప్పగలిగే లెక్క ఏదైనా ఉందా? కట్ట దాదాపు రెండు అడుగుల మందం, మూడు అడుగుల పొడవు ఉంటుంది.

టెక్సస్_కిరణ్
మల్లేశం గారూ, ఇది చాలా ఈజీ. మేం ఇక్కడ గుర్రాలకు గడ్డి కొంటాం. 5 అడుగుల వ్యాసం, 5 అడుగుల వెడల్పు ఉన్న రోల్ 98 ఘనపు అడుగులు వస్తుంది. ఘనపు అడుగుకి 10 పౌండ్లు వేసుకుంటే 980 పౌండ్లు, అంటే 445 కిలోల దాకా. ఇక్కడ అందరూ 10 నుంచి 12 పౌండ్లే వేస్తారు. మన లెక్కలో చెప్పాలంటే ఘనపు మీటరుకి 160 కిలోలు. మీ కట్ట ఘనపరిమాణం కనుక్కుని 160తో గుణించండి, అంతే.

మల్లేశం_డెయిరీ
థాంక్స్ కిరణ్ గారూ. నా దగ్గర పాత కట్ట ఒకటి ఉంటే కొలిచి చూశా. మీ లెక్క ప్రకారం 41 కిలోలు వస్తోంది! మా పనిపిల్లాడు దాన్ని ఒక్కడే ఎత్తి భుజాన వేసుకుంటున్నాడు. 41 కిలోలైతే అంత సులువుగా లేస్తుందా అని డౌటు.

గడ్డివాము
లేవదు మల్లేశం గారూ, మీ డౌటు సరైనదే. కిరణ్ గారు చెప్పిన పద్ధతి మంచిదే, అంకె మాత్రం ఇక్కడికి పనికిరాదు. ఆ 10 పౌండ్లు వాళ్ల పెద్ద బేలర్లలో చుట్టిన, ఆకు ఎక్కువగా ఉన్న మెత్తని పచ్చిక గడ్డికి వచ్చే అంకె. మన వరిగడ్డి కాడ బోలుగా, గట్టిగా ఉంటుంది, సిలికా ఎక్కువ. నొక్కితే అణుగుతుంది, వదిలితే మళ్లీ లేస్తుంది. పైగా మన దగ్గర తిరిగే చిన్న బేలర్లు 35-50 హెచ్‌పీ ట్రాక్టర్‌తో నడుస్తాయి, వాటికి అంత నొక్కే శక్తి ఉండదు. ఈ చిన్న రోల్స్‌లో వరిగడ్డి ఘనపు మీటరుకి 60 నుంచి 90 కిలోల మధ్య ఉండటం మామూలు. నేను వ్యవసాయ ఇంజనీరింగ్‌లో పనిచేసిన కాలంలో తూచినవీ ఆ మధ్యలోనే వచ్చేవి.

60కీ 90కీ మధ్య తేడా చిన్నది కాదు. ఒకటిన్నర రెట్లు. కాబట్టి సాంద్రతను ఎవరో చెప్పిన అంకె నుంచి తీసుకోవద్దు. మీ లారీలో వచ్చిన కట్టల్లోంచే దాన్ని రాబట్టాలి. కొన్నిటిని తూచండి, అన్నిటినీ కొలవండి. అంతకు మించి మార్గం లేదు.

ముందు కొలత సంగతి. వ్యాసం కొలవాలని చూడకండి, అంచు ఎక్కడో కంటికి ఆనదు. టేపును కట్ట చుట్టూ తిప్పి చుట్టుకొలత తీసుకోండి. దారం చుట్టిన చోట లోపలికి నొక్కుకుని ఉంటుంది, చివర్లు ఉబ్బి ఉంటాయి. అందుకే మూడు చోట్ల కొలిచి సగటు వేయండి. పొడవు కొలిచేటప్పుడు రెండు చివర్లా చెక్క పలకలు ఆనించి వాటి మధ్య దూరం తీసుకోండి. బయటికి పొడుచుకొచ్చిన పోచల్ని కలిపితే రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే పెరుగుతుంది. రెండూ సెంటీమీటర్లలో ఉంటే లెక్క ఇది:

```
చుట్టుకొలత × చుట్టుకొలత × పొడవు ÷ 12566 = లీటర్లు
```

లీటర్లని వెయ్యితో భాగిస్తే ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 79 కిలోలు అన్నా లీటరుకి 79 గ్రాములు అన్నా ఒకటే.

జిన్నింగ్_రమణ
గుంటూరు నుంచి. బేలు బరువు గురించి ఇంత తలనొప్పి ఎందుకు సార్? ఏ మిల్లుకు వెళ్లినా 170 కిలోలే కదా. మా ప్రెస్సులో 42 అంగుళాల పొడవు, 19 అంగుళాల వెడల్పు, 24-25 అంగుళాల ఎత్తు వస్తుంది. పత్తిలో దూది 34 శాతం వస్తే 5 క్వింటాళ్ల పత్తికి ఒక బేలు. సైజు చూస్తే బరువు తెలిసిపోతుంది.

మల్లేశం_డెయిరీ
రమణ గారూ, నేను అడిగింది పత్తి బేలు కాదండీ, వరిగడ్డి రోల్.

గడ్డివాము
రమణ గారి మాట ఈ ప్రశ్నకు జవాబు కాకపోయినా ఒక ముఖ్యమైన తేడా బయటికి తెచ్చింది. పత్తి ప్రెస్సులో ముందుగా బరువు నిర్ణయమవుతుంది. పెట్టెలో ఎంత దూది పడాలో చూసుకుని, తర్వాత దాన్ని నొక్కి, పట్టీలు వేస్తారు. బరువు 170కి అటూ ఇటూ ఉంటుంది. పట్టీ వేశాక బేలు కొంచెం ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ఒక్కో దాంట్లో ఒక్కో రకంగా ఉంటుంది. అంటే పత్తి బేలు ఎత్తు ఒక అంగుళం పెరిగిందని బరువు పెరిగినట్టు కాదు. రమణ గారి కొలతలకే లెక్క వేస్తే ఘనపు మీటరుకి 520 కిలోల పైన వస్తుంది. వరిగడ్డికి ఆరు నుంచి తొమ్మిది రెట్లు.

గడ్డి రోల్‌లో వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ బేలర్ లోపల గడ్డి చుట్టుకునే గది సైజు ముందే ఫిక్స్. దాంట్లో ఎంత గడ్డి దూరింది అనేది డ్రైవర్ చేతిలో ఉంటుంది. అందుకే పత్తి వ్యాపారంలో బేళ్ల లెక్క నడుస్తుంది, గడ్డి వ్యాపారంలో కట్టల లెక్క నమ్మకం మీద నడుస్తుంది.

జిన్నింగ్_రమణ
అర్థమైంది సార్. కానీ మా దగ్గర కూడా ప్రతి బేలునీ కాంటా మీద పెట్టి అసలు బరువు దాని మీద రాస్తాం. 170 అనేది లెక్క కోసమే. 165 వచ్చేవి ఉన్నాయి, 173 వచ్చేవి ఉన్నాయి. బిల్లు మాత్రం తూచిన బరువుకే.

బేలర్_నరేష్
నేను బేలర్ నడిపిస్తా, మాది నేరేడుచర్ల. అమ్మేవాళ్ల మీద మాటలు పడుతున్నయి కాబట్టి చెప్తున్న. ఎవరూ కావాలని మోసం చెయ్యరన్నా. గది లోపల రోలర్లు తిరుగుతుంటయి, గడ్డి నిండుతున్న కొద్దీ తిరుగుతూ చుట్టుకుంటది. నిండినాక హారన్ మోగుతది, అప్పుడు ట్రాక్టర్ ఆపి దారం చుట్టి, వెనక తలుపు తీసి పడేస్తం. హారన్ రాకముందే దారం వేస్తే కట్ట లూజుగా పోతది. కానీ డ్రైవర్‌కి కట్టకింత అని కూలీ ఇస్తరు. పొద్దుగూకే వేళ వాన మబ్బు కనిపిస్తే ఎవడైనా తొందరపడి ముందే వేస్తడు. ఇంకోటి, పొలంలో గడ్డి వరుస పలుచగా ఉంటే మిషన్ ఒక పక్కనే నిండుతది, కట్ట ఒక చివర గట్టిగ, ఇంకో చివర మెత్తగ వస్తది.

గడ్డివాము
నరేష్, బాగా చెప్పావు తమ్ముడూ. అసలు కిటుకు అక్కడే ఉంది. ఈ మిషన్లలో గడ్డి మీద ఒత్తిడి మొదట్లో ఉండదు. గది నిండే చివరి దశలోనే రోలర్లు బయటి పొరల్ని గట్టిగా నొక్కుతాయి. అందుకే మంచి కట్టకు కూడా నడుమ మెత్తగా, అంచు గట్టిగా ఉంటుంది. ముందే దారం వేస్తే ఆ గట్టి అంచు ఏర్పడదు. దారం బిగిసేసరికి కట్ట సన్నబడుతుంది, అదే సమయంలో సాంద్రతా తగ్గుతుంది. అంటే రెండు నష్టాలూ ఒకేసారి.

మల్లేశం గారూ, లారీ వచ్చాక ఇలా చేయండి. ముందు కంటితో చూసి సన్న కట్టల్ని, నిండు కట్టల్ని వేరు చేయండి. ఒక్కో రకంలో పదేసి కట్టలు పైనుంచి, నడిమి నుంచి, అడుగు నుంచి తీసి వేలాడే కాంటాకి తగిలించి తూచండి. 50 కిలోల కాంటా చాలు. వేబ్రిడ్జి మీద నాలుగైదు కట్టలు పెట్టి తూచకండి. అది 5 కిలోలకో 10 కిలోలకో ఒక అంకె చూపిస్తుంది, అయిదు కట్టలకు పంచితే ఒక్కో కట్టకు కిలో రెండు కిలోలు ఊరికే పోతాయి. వేబ్రిడ్జిని మొత్తం లారీకే వాడండి.

శైలజ_పామర్రు
నాదో మాట. బరువు ఒక్కటే చూస్తే సరిపోదండీ, తేమ చూడాలి. పోయిన సంవత్సరం మా షెడ్డుకి డిసెంబరులో వచ్చిన కట్టలు 23 కిలోలు తూగాయి. ఏప్రిల్‌లో అవే కట్టలు తూస్తే 20 పైచిలుకు. మా ఆయన ఎవరో దొంగతనం చేశారని గొడవ. ఎవరూ ఏమీ తియ్యలేదు. నీళ్లు ఆరిపోయాయి, అంతే. గేదె తినేది నీళ్లని కాదు కదా, గడ్డిని.

ఇంకా ఘోరం ఏంటంటే, ఆ లోడులో కొన్ని పచ్చిగా ఉండగానే కట్టేశారు. పది రోజులకి వాటి మధ్యలో చెయ్యి పెడితే వేడి. విప్పితే బూజు వాసన, తెల్లటి పొడి. అవి పశువులు ముట్టలేదు. కాబట్టి బరువుగా ఉన్న కట్ట మంచి కట్ట అనుకోకండి.

గడ్డివాము
శైలజ గారి అంకెలు సరిగ్గా సరిపోతున్నాయి. 22 శాతం తేమతో 23 కిలోలు తూగిన కట్టలో ఎండు పదార్థం 18 కిలోలకి కాస్త తక్కువ. అదే ఎండు పదార్థం 12 శాతం తేమకు వచ్చేసరికి మొత్తం 20.4 కిలోలు అవుతుంది. రెండున్నర కిలోలు పోయింది గాల్లోకే.

తేమ తెలుసుకోవడానికి మిషన్ లేకపోతే, కట్ట నడిమి నుంచి ఒక పిడికెడు తీసి 100 గ్రాములు తూచి మైక్రోవేవ్‌లో పెట్టండి. పక్కన గ్లాసుడు నీళ్లు తప్పకుండా ఉంచండి, లేకపోతే గడ్డి అంటుకుంటుంది. కొద్దికొద్దిసేపు తిప్పుతూ తూస్తూ పోండి. బరువు తగ్గడం ఆగిపోయాక 85 గ్రాములు ఉంటే తేమ 15 శాతం. హార్వెస్టర్ వెళ్లిన వెంటనే ఉండే గడ్డిలో సగానికి పైగా నీళ్లే. అది ఎండలో ఆరి 18 శాతం లోపుకు వచ్చాక కట్టిందే నిలవుంటుంది.

టెక్సస్_కిరణ్
ఇక్కడ కూడా తేమ ఎక్కువగా ఉండి గడ్డి షెడ్లు తగలబడిన సంఘటనలు ఉన్నాయి. పెద్ద రోల్స్‌లో వేడి బయటికి పోదు. ఇంకో విషయం, మా 5 అడుగుల రోల్‌లో బయటి ఆరు అంగుళాల పొరలోనే 36 శాతం గడ్డి ఉంటుంది, అది వానకి తడిస్తే మూడోవంతుకి పైగా పాడైనట్టే. రెండు అడుగుల కట్టకైతే పైన ఒక్క అంగుళం తడిసినా 16 శాతం పోతుంది. కాబట్టి చిన్న కట్టల్ని కప్పు కింద పెట్టాల్సిందే.

మల్లేశం_డెయిరీ
లారీ వచ్చింది. చెప్పినట్టే చేశా, అంకెలు పెడుతున్నా.

నిండు కట్టలు 160. చుట్టుకొలత సగటు 188 సెం.మీ., పొడవు 92. లెక్క వేస్తే 259 లీటర్లు. పది తూస్తే సగటు 20.4 కిలోలు (తక్కువది 18.2, ఎక్కువది 22.6). అంటే ఘనపు మీటరుకి దాదాపు 79 కిలోలు.

సన్న కట్టలు 50. చుట్టుకొలత 172, పొడవు అదే 92. ఇక్కడ 217 లీటర్లు. వీటికి కూడా 79 వేస్తే 17.1 కిలోలు రావాలి. తూస్తే సగటు 15.2 మాత్రమే వచ్చింది.

తేమ రెండు రకాల్లోనూ 12-13 శాతం. వేబ్రిడ్జిలో లారీ ఖాళీ బరువు తీసేశాక 3,990 కిలోలు.

గడ్డివాము
చక్కగా వచ్చింది. 160 కట్టలు 20.4 చొప్పున 3,264. 50 కట్టలు 15.2 చొప్పున 760. మొత్తం 4,024. వేబ్రిడ్జి 3,990. తేడా 34 కిలోలు, ఒక్క శాతం కూడా కాదు. ఇరవై కట్టలు తూచి లారీ మొత్తం బరువు తెలుసుకున్నారు. 25 కిలోల మాట నిజమైతే 5,250 ఉండాలి. 1,260 కిలోలు తక్కువ వచ్చాయి.

సన్న కట్టల అంకె గమనించండి. చుట్టుకొలత 188 నుంచి 172కి, అంటే తొమ్మిది శాతం కంటే తక్కువే తగ్గింది. ఘనపరిమాణం మాత్రం 16 శాతం తగ్గింది, ఎందుకంటే చుట్టుకొలత రెండుసార్లు గుణించబడుతుంది. దానికి తోడు సాంద్రత కూడా 79 నుంచి 70కి పడింది. నిండు కట్టల సాంద్రతనే సన్న వాటికీ వాడి ఉంటే కట్టకు రెండు కిలోలు ఎక్కువ చూపించేది. అందుకే రెండు రకాల్నీ విడివిడిగా తూచమన్నాను. ఇదే కొలత నాలుగు నెలలు నిల్వ ఉన్న కట్టలకు చేయకండి. కింది వరసలు నొక్కుకుని కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి, చుట్టుకొలత అలాగే ఉన్నా లోపలి చోటు తగ్గుతుంది, లెక్క ఎక్కువ చూపిస్తుంది.

బేలర్_నరేష్
మల్లేశన్నా, ఆ 50 కట్టలు ముందే దారం వేసినవే, నాకు వినంగనే తెలిసింది. కానీ నా మాట ఒకటి. కట్ట 70 రూపాయలు అనుకుంటే 20.4 కిలోల దానికి కిలో 3.43 పడ్డది, 15.2 దానికి 4.61 పడ్డది. నిండుగ కట్టే నాకు, లూజుగ కట్టేటోనికి అదే 70 ఇస్తే నేనెందుకు డీజిల్ ఎక్కువ కాల్చి నిండుగ కట్టాలె? కొనేటోళ్లు కిలో లెక్కకు రండి, మేం గట్టిగ కడతం.

మల్లేశం_డెయిరీ
కిలో లెక్క నాకూ ఇష్టమే నరేష్. కానీ శైలజ గారు చెప్పినట్టు తేమతో తూగే బరువుకి డబ్బులు ఎందుకివ్వాలి? 15 శాతం దాటితే కోత పెట్టుకుందామా?

బేలర్_నరేష్
15 కష్టమన్నా. వానాకాలం పంటకి, పొద్దున మంచు పడుతుంటే 15 రావాలంటే మధ్యాహ్నం రెండు గంటలే పని దొరుకుతది. 18 అయితే ఆలోచిస్త.

శైలజ_పామర్రు
ఇంకొకటి ఎవరూ అనలేదు. మట్టి. తడి పొలంలో ట్రాక్ హార్వెస్టర్ తిరిగితే గడ్డి బురదలోకి తొక్కుకుపోతుంది, బేలర్ దాన్నే ఎత్తుకుంటుంది. కట్ట విప్పి దులిపితే కింద మన్ను. అది కూడా మనం బరువుకే కొంటున్నాం.

కోనసీమ_రైతు
సాంబ మసూరి లాంటి సన్న రకాల గడ్డితో కట్టినవి ఎప్పుడూ బరువుగా వస్తాయండి. లావు కాడ రకాలు తేలిక. గడ్డి రకం చూసి సాంద్రత వేసుకోవాలి.

బేలర్_నరేష్
నాకైతే అట్ల అనిపించలేదన్నా. ఎంటీయూ 1010 గడ్డి కూడా బాగ ఎండినంక మెత్తగ అయ్యి నిండుగ చుట్టుకుంటది. గడ్డి నలిగిందా లేదా అనేదే ముఖ్యం. హార్వెస్టర్ లోపల బాగ నలిగిన గడ్డి గట్టిగ కూచుంటది.

గడ్డివాము
ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఒకే పొలం, ఒకే రోజు, ఒకే మిషన్, ఒకే డ్రైవర్ అయి, రకం మాత్రమే మారితే తప్ప చెప్పలేం. ఎవరికైనా పక్కపక్క మళ్లలో రెండు రకాలు ఉంటే, పదేసి కట్టలు తూచి చుట్టుకొలత, పొడవు, తేమ ఇక్కడ పెట్టండి. మన్ను సంగతికి మాత్రం ఒక చిన్న పరీక్ష ఉంది. తూచిన కట్టను టార్పాలిన్ మీద విప్పి, బాగా దులిపి, రాలిందాన్ని విడిగా తూచండి.

మల్లేశం_డెయిరీ
సరే సార్, రేపు ఒక సన్న కట్ట, ఒక నిండు కట్ట విప్పి దులిపి చూస్తా. నరేష్ తమ్ముడూ, 17 శాతానికి వస్తావా? వచ్చే లోడు నీ దగ్గరే చెప్తా, కానీ వేబ్రిడ్జి చీటీ మీ ఊరిదీ మా ఊరిదీ రెండూ కావాలి.

బేలర్_నరేష్
చీటీలు రెండూ సరేనన్నా. ఎండ చూసి 17 సంగతి ఫోన్ల మాట్లాడుకుందాం.